పోయిన నెల ఏం జరిగిందో అడగండి

(ఉద్యోగాలు వెతుక్కుంటున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. ఇరవై ఏళ్లకు పైగా నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. అంటే ఇంటర్వ్యూ చేసే వైపు. అన్నీ అకౌంట్స్ విభాగాలే. ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అని నేను అనగానే, అభ్యర్థులు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఏమిటో ఊహించండి. ఎవరైనా చెబుతారా? ఆ, అదే. వెనక వరుసలో ఎవరో సరిగ్గా చెప్పారు. "మీ టీములో వాతావరణం ఎలా ఉంటుందండీ?"

దానికి నా దగ్గర ఒక జవాబు ఉండేది. "చాలా బాగుంటుంది. అందరం కలిసిమెలిసి పనిచేస్తాం. నెలాఖరులో కాస్త ఒత్తిడి ఉంటుంది, అది ఎక్కడైనా ఉండేదే." ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఒక ఏడాది మా టీములో ముగ్గురు ఉద్యోగం మానేశారు. ఆ ఏడాది కూడా ఇదే జవాబు చెప్పాను. ఆ మూడో మనిషి ఖాళీ చేసిన సీటు కోసం వచ్చిన అభ్యర్థికే చెప్పాను.

అబద్ధం చెప్పానా? ఇక్కడే మీరు కాస్త ఆలోచించాలి. నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే నమ్మి అన్నాను. ఆ ప్రశ్న నా అభిప్రాయం అడిగింది, నేను నా అభిప్రాయం చెప్పాను. నా టీము గురించి నాకు మంచి అభిప్రాయం ఉండక మరేం ఉంటుంది? ఆ టీమును తయారుచేసింది నేనే కదా.

కాబట్టి ఇంటర్వ్యూ చేసేవాళ్లు మిమ్మల్ని మోసం చేస్తారని నేను చెప్పడం లేదు. చాలామంది చేయరు. మీరు అడిగిన ప్రశ్నకు వాళ్లు జవాబు చెబుతారు, అంతే. చిక్కంతా మీరు అడిగిన ప్రశ్నలో ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యపు వైమానిక దళంలో జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త పనిచేశాడు. విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామందిని మధ్యలోనే పంపించేస్తున్నారు. ఎందుకు పంపించేశారు అని శిక్షకుల కాగితాలు తీసి చూస్తే ఏముంది? "స్వభావం సరిపోదు", "వివేచన తక్కువ", "ప్రగతి చాలలేదు". ఇవన్నీ అభిప్రాయాలే. వీటితో ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని ఆ బృందం వేరే దారి పట్టింది. ఫలానా రోజు ఏం జరిగింది, ఆ మనిషి ఏం చేశాడు, దాని ఫలితం ఏమిటి అని సంఘటనలు అడగడం మొదలుపెట్టింది. 1954లో ఫ్లానగన్ ఈ పద్ధతి గురించి వివరంగా ఒక వ్యాసం రాశాడు. తరువాత ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోకి కూడా ఇదే ఆలోచన వచ్చింది. మిమ్మల్ని ఇంటర్వ్యూలో "మీరు కష్టమైన సహోద్యోగితో పనిచేసిన సందర్భం ఒకటి చెప్పండి" అని అడుగుతారు చూడండి, దాని మూలం అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. మిమ్మల్ని "మీరు కష్టపడి పనిచేస్తారా?" అని అడగడం దండగ అని కంపెనీలకు ఎప్పుడో అర్థమైంది. అలా అడిగితే ఎవరైనా అవుననే అంటారు. అందుకే సంఘటన అడుగుతున్నారు. మరి మీ వంతు వచ్చినప్పుడు మీరెందుకు "మీ టీము బాగుంటుందా?" అని అడుగుతున్నారు? వాళ్లు మాత్రం బాగుండదని అంటారా?

నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇంతే. మీ ప్రశ్నను మీరే ముందు పరీక్షించుకోండి. ఎదుటి మనిషి ఏమీ జ్ఞాపకం తెచ్చుకోకుండా దానికి జవాబు చెప్పగలడా? చెప్పగలిగితే ఆ ప్రశ్న తీసి పక్కన పెట్టండి. జవాబు చెప్పడానికి ఆ మనిషి ఒక్క క్షణం ఆగి, పోయిన వారమో పోయిన నెలో గుర్తుచేసుకోవలసి వస్తే, అది అడగదగిన ప్రశ్న.

ఉదాహరణకు పనిభారం తీసుకోండి. "పని ఎక్కువగా ఉంటుందా?" అని అడిగితే "మామూలే" అంటారు. "మీరు చివరిసారిగా ఆలస్యంగా ఇంటికి వెళ్లింది ఎప్పుడు, ఆ రోజు ఏ పని మీద ఆగిపోయారు?" అని అడగండి. ఆ మనిషి ఆలోచిస్తాడు. "మూడు వారాల క్రితం, ఆడిటర్లు ఏదో అడిగారు" అన్నాడంటే ఒక రకం. "నిన్న" అన్నాడంటే ఇంకో రకం. "నిన్న" అని నవ్వాడంటే మూడో రకం, దాని సంగతి తరువాత చెబుతాను.

మేనేజర్ దగ్గరకు వద్దాం. ఇది నాకు కాస్త ఇబ్బందికరమైన భాగం, ఎందుకంటే ఇందులో దొరికిపోయింది నేనే.

"మీరు టీమును ఎలా నడుపుతారు?" అని అడిగితే ఏ మేనేజరైనా ఏం చెబుతాడు? "నేను స్వేచ్ఛ ఇస్తాను, అవసరమైతే అండగా ఉంటాను." నేను కూడా ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. ఒకసారి ఒక అభ్యర్థి వచ్చింది. వయసులో నాకన్నా చాలా చిన్నది. చాలా మర్యాదగా అడిగింది. "మీరు ఒక పని ఒకలా చేద్దామనుకున్నారు, టీములో ఎవరో కాదన్నారు, మీరు మనసు మార్చుకున్నారు. ఈ మధ్య అలాంటిది ఏదైనా జరిగిందాండీ?"

నేను ఆలోచించాను. ఇంకా ఆలోచించాను. ఆ గదిలో గడియారం చప్పుడు వినిపించింది. చివరికి ఒకటి చెప్పాను. అది రెండేళ్ల క్రితం జరిగింది, అదీ సాఫ్ట్‌వేర్ ఏది కొనాలి అన్న చిన్న విషయం. ఆమె తల ఊపి, నోటుపుస్తకంలో ఒక ముక్క రాసుకుంది. మేము ఉద్యోగం ఇస్తామన్నాం. ఆమె రాలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రెండేళ్లలో ఎవరూ నన్ను కాదనలేదా? లేక కాదన్నా నేను వినలేదా? రెండింటిలో ఏది నిజమైనా నాకు మంచి పేరు రాదు. ఆమె నా స్వభావం గురించి ఏమీ అడగలేదు. ఒక సంఘటన అడిగింది. ఆ సంఘటన నా దగ్గర లేకపోవడమే ఆమెకు జవాబు అయింది.

ఈ ప్రశ్నకు జవాబు వచ్చినప్పుడు ఏం వినాలో కూడా చెబుతాను. ఆ కథలో కాదన్న మనిషి కనిపిస్తున్నాడా? "మా టీములో ఒకమ్మాయి ఫలానా లెక్క వేసి చూపించింది, అప్పుడు నాకు అర్థమైంది" అంటే అక్కడ ఎదుటి మనిషికి చోటు ఉంది. "నేను మళ్లీ ఆలోచించి నిర్ణయం మార్చాను" అంటే, ఎవరు చెప్పారో, ఏం చెప్పారో ఆ కథలో లేదు. అదే ఆ మేనేజర్‌తో మీ రేపటి జీవితం కావచ్చు. కచ్చితంగా అదే అనడం లేదు, కావచ్చు అంటున్నాను.

మేనేజర్‌ను అడగదగినది ఇంకొకటి ఉంది. తప్పుల గురించి. "మీ టీములో చివరిసారి ఒక పొరపాటు బయటపడినప్పుడు, అది మీకు ఎలా తెలిసింది? తరువాత ఏం చేశారు?" ఇందులో "ఎలా తెలిసింది" అన్నది గట్టి ముక్క, దాన్ని వదిలేయకండి. చేసిన మనిషే వచ్చి చెప్పాడా? అయితే అక్కడ తప్పు చెప్పుకుంటే తల తెగదు. మేనేజర్ ప్రతి కాగితమూ చూస్తూ పట్టుకున్నాడా? అయితే మీ ప్రతి కాగితమూ ఆయన బల్ల మీద వరుసలో నిలబడుతుంది. బయటివాళ్లు ఫోన్ చేసి చెబితే తెలిసిందా? అయితే లోపల చూసేవాళ్లే లేరు. ఇక "ఏం చేశారు" అన్నదానికి "నేనే రాత్రి కూర్చుని సరిచేసేశాను" అనే మేనేజర్లు ఉంటారు. మంచివాళ్లే, నిజంగా మంచివాళ్లు. కాని వాళ్ల దగ్గర మీరు ఏమీ నేర్చుకోరు, వాళ్లు సెలవు పెడితే పని ఆగిపోతుంది.

సరే, ఇప్పుడు ఒక ఇంటర్వ్యూను మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. నా పాత సహోద్యోగి కూతురు. ఆమె కూడా అకౌంటెంటే. ఇంటర్వ్యూలు అయ్యాక తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను, కంపెనీ పేరు మాత్రం చెప్పను.

అకౌంట్స్ వాళ్లు కానివారి కోసం ముందు రెండు మాటలు. ప్రతి నెలా నెల పూర్తయ్యాక ఆ నెల ఖాతాలు ముగించాలి. మన పుస్తకంలోని బ్యాంకు నిల్వ, బ్యాంకు వాళ్లు ఇచ్చిన స్టేట్‌మెంటు సరిపోవాలి. పని జరిగి ఇంకా బిల్లు రాని ఖర్చులను అంచనా వేసి రాయాలి. ఒకే యజమాని కింద పది కంపెనీలు ఉంటే, వాటి మధ్య బాకీలు రెండు వైపులా ఒకే అంకె చూపించాలి. ఇవన్నీ అయ్యాక పైవాళ్లకు రిపోర్టు వెళ్తుంది. దీన్ని పని దినాల్లో లెక్కపెడతాం. కొత్త నెలలో ఐదో పని దినానికి ముగిసింది, ఎనిమిదో పని దినానికి ముగిసింది, ఇలా. ఒక అకౌంట్స్ టీము ఎలా బతుకుతోందో తెలియాలంటే ఈ ఒక్క అంకె, దాని వెనక ఉన్న కథ చాలు. మీ వృత్తిలో కూడా ఇలాంటి అంకె ఒకటి ఉంటుంది. నర్సులకు వారంలో రాత్రి డ్యూటీలు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు సిస్టమ్ పడిపోతే లేవాల్సిన వంతు ఎన్ని వారాలకు ఒకసారి వస్తుంది అన్నది. మీ అంకె ఏదో మీకే తెలియాలి.

ఆ ఉద్యోగ ప్రకటనలో "ఐదుగురు సభ్యుల టీము, ఆరు కంపెనీల ఖాతాలు" అని ఉంది. ఆమెతో ముగ్గురు మాట్లాడారు. ముందు హెచ్ఆర్, తరువాత మేనేజర్, ఆ తరువాత టీములో ఒక సీనియర్. మేనేజర్‌నూ, సీనియర్‌నూ ఆమె ఒకే సంగతి అడిగింది. అది చాలా ముఖ్యం. ముగ్గురికి మూడు వేరు వేరు ప్రశ్నలు వేస్తే మూడు ముక్కలు దొరుకుతాయి, అవి ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు. ఒకే సంగతి ఇద్దరిని అడిగినా తేడా ఎక్కడుందో కనిపిస్తుంది.

హెచ్ఆర్‌ను అడిగింది, "ఇది కొత్త సీటా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయినదా?" జవాబు: "మా వ్యాపారం బాగా పెరుగుతోందండీ." గమనించారా? ప్రశ్నకు జవాబు రాలేదు. మనలో చాలామంది ఇక్కడ మొహమాటపడి "ఓహో, మంచిది" అని ఊరుకుంటాం. ఆమె ఊరుకోలేదు. "అంటే ఈ సీటులో ఇంతకు ముందు ఎవరూ లేరాండీ?" అని మెల్లగా అడిగింది. "ఉన్నారు. మూడు నెలల క్రితం వెళ్లిపోయారు." అదీ సంగతి. దాచారని కాదు. రెండోసారి అడిగేదాకా చెప్పే అవసరం రాలేదు.

మేనేజర్‌తో. "సార్, ఖాతాలు ఏ రోజుకు ముగుస్తాయి?" "ఐదో రోజుకు." ఇది అభిప్రాయం లాంటిదే, అంకె వేషం వేసుకుని వచ్చింది. ఎలా ఉండాలో చెప్పాడు, ఎలా ఉందో చెప్పలేదు. ఆమె వెంటనే, "పోయిన నెల కూడా ఐదో రోజేనా సార్?" అంది. ఆయన ఆగాడు. "పోయిన నెల ఎనిమిది. అది కొంచెం ప్రత్యేకమైన నెల." "ఏ పని దగ్గర ఆగింది సార్?" "కంపెనీల మధ్య బాకీలు సరిపోలలేదు." చూడండి, మనిషి నిజాయితీపరుడే. అడిగితే చెప్పాడు.

సీనియర్ సహోద్యోగితో. అదే ప్రశ్న. "ఎనిమిదో రోజు రిపోర్టు పంపాం. సవరణలు మాత్రం పన్నెండో రోజు దాకా సాగాయి." "అంతకు ముందు నెల?" "అదీ ఏడో ఎనిమిదో." అంటే ప్రత్యేకమైన నెల కాదు. మామూలు నెలే. "శనివారాలు రావాల్సి వచ్చిందా?" "రెండు."

తరువాత ఆమె అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. నేను కూడా ఇన్నేళ్లలో ఎవరినీ అలా అడగలేదు. "టీములో ఎంతమంది?" అని అడగలేదు. "వచ్చే నెల ముగింపులో పని చేతుల్లోకి తీసుకునేవాళ్లు ఎంతమంది?" అని అడిగింది. ప్రకటనలో ఐదుగురు ఉన్నారు కదా. ఆ ఐదుగురిలో ఒకరు మేనేజర్, ఆయన చూసి సంతకం చేస్తాడు, ఖాతాలు రాయడు. ఒకటి ఖాళీ సీటు, అంటే ఈమె రాబోయే సీటు. ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఎంతమంది మిగిలారు? ఇద్దరు. ఆరు కంపెనీలు, ఇద్దరు మనుషులు. తలకు మూడు.

ఇక్కడ తొందరపడి "అమ్మో, వద్దు" అనేయడం తేలిక. ఆమె అలా అనకుండా లెక్క ముందుకు వేసింది. తను చేరితే ముగ్గురు, తలకు రెండు కంపెనీలు. సెలవులో ఉన్నావిడ రెండు నెలల్లో తిరిగి వస్తుందట. అప్పుడు నలుగురు, తలకు ఒకటిన్నర. అంటే ఇప్పుడు కనిపిస్తున్న అలసటలో సగం తాత్కాలికం. మనుషులు వస్తే తగ్గిపోయేది.

మరి మిగతా సగం? బాకీలు సరిపోలకపోవడం. అది మనుషులు తక్కువై వచ్చిన ఇబ్బందా? కాదు. ఆ ఆరు కంపెనీల్లో కొన్ని తమ అంకెలు ఆలస్యంగా పంపుతున్నాయి. ఇక్కడ నలుగురు ఉన్నా, పదిమంది ఉన్నా, అంకెలు రాకపోతే కూర్చుని ఎదురుచూడాల్సిందే. పనిభారం గురించి అడిగేటప్పుడు ఈ రెండింటినీ విడదీయండి. చేతులు తక్కువై వచ్చిన భారం వేరు, పని వచ్చే దారి బాగాలేక వచ్చిన భారం వేరు. మొదటిది మీరు చేరడంతోనే కొంత తగ్గుతుంది. రెండోది మీరు చేరాక మీ నెత్తిన కూడా పడుతుంది.

ఆమె ఈ రెండో సగం గురించి అప్పుడు అడగలేదు. సమయం అయిపోయింది. నలభై ఐదు నిమిషాల ఇంటర్వ్యూలో మీకు దొరికేది చివరి ఐదు నిమిషాలు, ఒక్కోసారి మూడు. రెండు ప్రశ్నలు, వాటి వెంట వచ్చే చిన్న ప్రశ్నలు, అంతకు మించి పట్టవు. పది ప్రశ్నలు రాసుకుని వెళ్లి పదీ చదివేవాళ్లను చూశాను. ఒక్కదానికీ సరైన జవాబు తీసుకోకుండా వెళ్లిపోతారు.

తరువాత ఉద్యోగం ఇస్తున్నామని కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. కబురు రాగానే సంతోషంగా ఒప్పేసుకుంటారు. నిజానికి గట్టి ప్రశ్నలు అడగడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. ఇంటర్వ్యూలో మీరు పదిమందిలో ఒకరు. ఇప్పుడు వాళ్లు మిమ్మల్ని ఎంచుకున్నారు, మిగతావాళ్లకు లేదని చెప్పేసి ఉండవచ్చు, ఖాళీ సీటు వాళ్లను కూడా ఇబ్బంది పెడుతోంది. "ఒప్పుకునే ముందు మేనేజర్ గారితో ఇరవై నిమిషాలు మాట్లాడవచ్చా?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. తప్పు పడితే, అది కూడా ఒక జవాబే.

ఆమె అలాగే అడిగింది. ఫోన్లో మాట్లాడింది. ముందు తన లెక్క చెప్పి, "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా సార్?" అంది. ఆయన అవునన్నాడు. అప్పుడు బాకీల సంగతి. "ఆ కంపెనీలు అంకెలు ఏ రోజుకు పంపాలని గడువు ఉంది సార్?" "రెండో రోజు." "పోయిన నెల ఎన్ని కంపెనీలు ఆ రోజుకు పంపాయి?" "రెండు." ఆరింటిలో రెండు. "మిగతావాళ్లను ఎవరు అడుగుతారు?" "మా టీమే ఫోన్లు చేస్తుంది." "ఈ సంగతి మీ పైవారి దాకా ఎప్పుడైనా వెళ్లిందా సార్?"

ఆమె పుస్తకంలో ఇక్కడ ఒక గీత గీసి, పక్కన "ఆగాడు" అని రాసుకుంది. తరువాత జవాబు: "లేదు. వాళ్లతో సంబంధాలు చెడిపోతాయి కదా."

ఆ ఒక్క వాక్యంలో మేనేజర్ పద్ధతి అంతా ఉంది. మంచి మనిషి, అడిగితే నిజం చెబుతాడు, కాని టీము కోసం పై అంతస్తుకు వెళ్లి గొడవపడడు. ఆయన పడని గొడవకు వెల ఆ టీము శనివారాల్లో చెల్లిస్తోంది. "మీరు టీముకు అండగా ఉంటారా?" అని అడిగి ఉంటే ఏమనేవాడు? "తప్పకుండా" అనేవాడు. నమ్మే అనేవాడు.

ఆమె ఏం చేసిందని అడుగుతారు. చేరింది. ఆమెకు ఉద్యోగం అవసరం, జీతం బాగుంది. నేను చేరమని చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఒక్క పని చేసింది. శనివారం పనిచేస్తే దానికి బదులు ఇంకో రోజు సెలవు ఇస్తారా అని అడిగి, ఇస్తామన్న మాటను ఈమెయిల్‌లో తెప్పించుకుంది. బాకీల అంకెలు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తున్నాయట. సెలవులు మాత్రం వస్తున్నాయట.

ఇక ఈ పద్ధతి పనిచేయని చోట్ల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్లు అవుతుంది. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తున్న మనిషి ఆ టీములో లేకపోవచ్చు. పెద్ద కంపెనీల్లో వేరే టీము వాళ్లను పిలిచి కూర్చోబెడతారు. అందుకే మొదట "మీరు ఈ టీముతో రోజూ పనిచేస్తారా?" అని అడగండి, లేదని చెబితే మీ ప్రశ్న దాచుకోండి. మేనేజర్ కొత్తగా వచ్చిన మనిషైతే చెప్పడానికి సంఘటనలు ఉండవు, అప్పుడు ఆయన ఇంతకు ముందు పనిచేసిన చోటు గురించి అడగవచ్చు. సహోద్యోగి ఆ రోజే ఎవరితోనో గొడవపడి వచ్చి ఉండవచ్చు. ఒక్క మనిషి ఒక్క మాట మీద ఇల్లు కట్టకండి. ఇద్దరు ఒకే మాట అంటేనే దానికి బరువు.

అడిగే తీరు కూడా ఉంది. "పోయిన నెల ఎందుకు ఆలస్యమైంది?" అని నేరుగా అంటే ఆడిటర్ అడిగినట్టు ఉంటుంది. ఆడిటర్లను ఎవరూ ప్రేమించరు, నేను చెబుతున్నాను కదా. ముందు ఒక్క వాక్యం కలపండి. "నేను చేరితే మొదటి రెండు నెలలు ఎలా ఉంటాయో ఊహించుకోవడానికి అడుగుతున్నాను." ఇది నిజమే కదా, నటన కూడా కాదు. మనుషుల పేర్లు అడగకండి. వెళ్లిపోయిన మనిషి ఎవరు అన్నది మీకు అనవసరం, ఆ సీటు ఎన్నాళ్ల నుంచి ఖాళీ అన్నది అవసరం.

ఇంకొకటి. బయటికి రాగానే, పది నిమిషాల లోపల, వాళ్లు అన్న మాటలు అన్నట్టుగానే రాసుకోండి. మీ అర్థం రాయకండి, వాళ్ల మాటలు రాయండి. ఉద్యోగం మీద ఆశ ఉన్నప్పుడు మన జ్ఞాపకం మన పక్షమే వాదిస్తుంది. సాయంత్రానికల్లా "ఎనిమిదో రోజు" కాస్తా "ఐదారు రోజులు" అయిపోతుంది. ఆమె "ఆగాడు" అని రాసుకోకపోయి ఉంటే, ఆ ఆగడం ఆమెకు గుర్తుండేది కాదు.

నా సమయం అయిపోయిందంటున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

ఈ బాబు అడుగుతున్నది, ఇలా అడిగితే ఉద్యోగం రాకుండా పోదా అని. భయం సహజమే. నేను పనిచేసిన చోట్ల ఇంటర్వ్యూ అయ్యాక మేము నింపే కాగితంలో నైపుణ్యానికి, అనుభవానికి, మాట తీరుకు గళ్లు ఉండేవి. అభ్యర్థి అడిగిన ప్రశ్నలకు గడి ఉండేది కాదు. కాని మనుషులకు గుర్తుంటుంది, అది కాదనను. అందుకే మొదటి రౌండులో మెత్తని సంఘటన ఒకటి అడగండి, "పోయిన నెల మీ టీము పూర్తి చేసిన పనుల్లో మీకు నచ్చినది ఏమిటి?" లాంటిది. సెలవులు, శనివారాలు, పైవారి దాకా వెళ్లడం లాంటివి ఉద్యోగం చేతికి వచ్చాక అడగండి. నన్ను ఇరుకున పెట్టిన అమ్మాయి సంగతి చెప్పాను కదా. ఆ ప్రశ్న వల్ల నేను ఆమెను వద్దనలేదు. ఇంకా గట్టిగా కావాలనుకున్నాను.

అవునమ్మా, చెప్పండి. జవాబు చెప్పకుండా నవ్వేస్తే ఏం చేయాలి? బాగా పట్టుకున్నారు, మూడో రకం సంగతి తరువాత చెబుతానని మరచిపోయాను. అదీ చెప్పి ముగిస్తాను. ఒక ఇంటర్వ్యూలో మేము ముగ్గురం కూర్చున్నాం, నేను, నా టీములోని ఇద్దరు. అభ్యర్థి అడిగాడు, "చివరిసారి ఎవరు ఆలస్యంగా వెళ్లారండీ?" మా ఇద్దరు కుర్రాళ్లూ ఒకేసారి నవ్వారు. నేను కూడా నవ్వి, "ఎప్పుడో ఒకసారి తప్పదు" అన్నాను. తరువాత చాలా రోజులకు, ఆ ఇద్దరిలో ఒకడు నాతో అన్నాడు, ఆ రోజు మేం నవ్వే ముందు మీ మొహం చూశాం సార్ అని. నాకు తెలియలేదు. అభ్యర్థికి మాత్రం తెలిసే ఉంటుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ అతను నా వైపు చూడలేదు, వాళ్లిద్దరినే చూస్తున్నాడు.